మా రోజుల్లో సిగరెట్లు కూడా లెక్కలో ఉండేవి

ఇప్పటి పిల్లలకు కంపెనీ వార్షిక నివేదికంటే ఫోన్‌లో వేలితో తోసుకుంటూ పోయే బొమ్మల పుస్తకం. మా రోజుల్లో అది చకర్‌భాటాకి పోస్టులో వచ్చేది. బిలాస్‌పూర్ డ్యూటీకి పోయే రైల్లో చదువుకునేవాళ్లం. రైల్వే అకౌంట్సులో పనిచేసినవాళ్లం కదా, చైర్మన్‌గారి ఫొటో జోలికి పోకుండా వెనక పేజీల నుంచే మొదలుపెట్టేవాళ్లం. అసలు సరుకంతా అక్కడే ఉండేది.

మొన్న మా మనవడు అడిగాడు: "తాతయ్యా, ఐటీసీని ఏ కంపెనీ అనాలి? సిగరెట్లా, బిస్కెట్లా, హోటళ్లా?" వాడి యాప్‌లో ఎఫ్‌ఎంసీజీ అని ఉందట. అంతటితో సరిపెట్టుకున్నాడు. ఒరేయ్, ఎవడో అంటించిన చీటీ చూసి డబ్బాలో ఏముందో చెప్పేస్తావా?

చీటీల సంగతి చూడండి. ఐటీసీ రిజిస్ట్రేషన్ నంబరు L16005WB1910PLC001985. అందులో L అంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉన్న కంపెనీ. WB పశ్చిమ బెంగాల్, 1910 పుట్టిన సంవత్సరం. మధ్యలో ఉన్న అయిదంకెలు పరిశ్రమ కోడ్. పాత కోడ్ పుస్తకంలో 16 అంటే పొగాకు. 2008లో కొత్త పుస్తకం వచ్చి పొగాకును 12కు మార్చి, 16ను కలప సామాన్లకిచ్చింది. కంపెనీ నంబరు మాత్రం అలాగే ఉంది. కొత్త పుస్తకం పట్టుకుని చదివితే కోల్‌కతాలో కర్రల వ్యాపారం చేస్తున్నట్టు!

అందుకే సెగ్మెంట్ పట్టిక చూడమంటాను. ఫలితాల కాగితాల్లో లాభనష్టాల తర్వాత వచ్చే పట్టిక అది. ఒక్కో వ్యాపారానికి రాబడి ఎంత, లాభం ఎంత, ఆస్తులెన్ని, అప్పులెన్ని అని వరసగా ఉంటుంది. 2022-23 లెక్కలు తీసి వాడి ముందు పెట్టాను. సుమారు అంకెలే చెబుతాను. సిగరెట్ల రాబడి 28 వేల కోట్లు. ఆటా, బిస్కెట్లు, నోటు పుస్తకాలు, అగరుబత్తులు వగైరా అన్నీ కలిపిన 'ఇతర ఎఫ్‌ఎంసీజీ' 19 వేల కోట్లు. వ్యవసాయ సరుకులు 18 వేలు, కాగితం, అట్ట, ప్యాకింగ్ 9 వేలు. హోటళ్లు రెండున్నర వేలు.

"ఏదీ సగం కూడా లేదు కదా తాతయ్యా, అయితే ఇది కలగూరగంపే" అన్నాడు.

తొందరపడకు, రెండో వరస చూడమన్నాను. వడ్డీ, పన్నులకు ముందు లాభంలో సిగరెట్లవి దాదాపు 18 వేల కోట్లు. మిగతా నాలుగూ కలిపితే అయిదున్నర వేలు. రాబడిలో మూడోవంతు దాటి కొంచెం ఉన్న వ్యాపారం లాభంలో నాలుగింట మూడు వంతులు మోస్తోంది. ప్రపంచమంతా వాడే జీఐసీఎస్ వర్గీకరణ పద్ధతి కూడా రాబడితో ఆగకుండా లాభాన్నీ చూడమంటుంది. రాబడిలో 60 శాతం దాటిన వ్యాపారం ఉంటే కంపెనీ దాని కిందికి వస్తుంది. లేకపోతే రాబడిలోనూ, లాభంలోనూ పెద్ద వాటా దేనిదో చూడాలి. అలా ఏదీ పైచేయి కాకుండా వ్యాపారాలు మూడు రంగాలకో అంతకు మించో పాకినప్పుడే అది కలగూరగంప.

మనవడి యాప్ చీటీ కూడా పూర్తిగా తప్పు కాదు. సిగరెట్లను, ఇతర ఎఫ్‌ఎంసీజీని ఒకే గంపలో వేస్తే 47 వేల కోట్లు, అంటే రాబడిలో 60 శాతం దాటింది. మన ఎక్స్ఛేంజీ 'డైవర్సిఫైడ్ ఎఫ్‌ఎంసీజీ' అన్నా చెల్లుతుంది. గంప ఎంత పెద్దదన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. పట్టిక మారదు.

మూడో వరస ఆస్తులు. రాబడిలో మూడు శాతం తెచ్చే హోటళ్లకు అసలు పట్టికలో చోటెందుకు? రాబడిలోనో, లాభంలోనో, ఆస్తుల్లోనో ఏ ఒక్కదాంట్లో పది శాతం ఉన్నా ఆ వ్యాపారాన్ని విడిగా చూపాలని నియమం. హోటళ్లు ఆస్తుల దారిన లోపలికొచ్చాయి. స్థలాలు, భవనాల వ్యాపారం మరి! పెట్టుబడి బాగా తిని, తిరిగి కొంచెమే ఇచ్చే వ్యాపారం ఏదో ఈ వరసలోనే బయటపడుతుంది. చివరికి 2025 జనవరి 1 నుంచి హోటళ్లను వేరే కంపెనీ చేసి, ఐటీసీ తనకు 40 శాతం ఉంచుకుంది.

చాలామంది దాటేసే వరస ఇంకొకటుంది, 'అంతర్గత రాబడి తీసివేత' అని. సెగ్మెంట్లన్నీ కూడితే 77 వేల కోట్లు వస్తుంది, బయటివాళ్లకు అమ్మింది మాత్రం అంతకంటే కొన్ని వేల కోట్లు తక్కువ. ఎందుకంటే గుంటూరు వైపు కొన్న పొగాకు ఆకు 'వ్యవసాయం' ఖాతాలోంచి సిగరెట్ల ఖాతాకు పోతుంది. భద్రాచలం దగ్గర సారపాకలో తయారైన అట్ట సిగరెట్ పెట్టె అవుతుంది. సంబంధం లేని వ్యాపారాలని పేరే గానీ, లోపల ఒకదాని చెయ్యి మరొకదాని జేబులో ఉంది. ఆ ఆకును ఏ ధరకు ఇచ్చారన్నదాన్ని బట్టి లాభం ఇటో అటో జరుగుతుంది. వ్యవసాయం అనే మాట చూసి గోధుమలు, మిరపకాయలే అనుకుంటే పొగాకును వదిలేసినట్టే.

ఇక మా రోజుల మాట. సారపాక మిల్లు 2002లో ఐటీసీలో కలవక ముందు 'ఐటీసీ భద్రాచలం పేపర్‌బోర్డ్స్' అని సొంత కంపెనీ. దాని అప్పెంత, బొగ్గు ఖర్చెంత, అట్ట ఎన్ని టన్నులు, అన్నీ దాని పుస్తకంలోనే దొరికేవి. ఇప్పుడదంతా ప్యాకింగ్, ప్రింటింగ్‌తో కలిసి ఒక్క వరస! పాత కంపెనీల చట్టం షెడ్యూల్ 6 ప్రకారం ప్రతి సరుకూ ఎంత తయారైంది, ఎంత మిగిలింది, ఎంత అమ్ముడైందో పరిమాణంతో సహా రాయాలి. సిగరెట్లు కూడా మిలియన్ల లెక్కన కనిపించేవి. రాబడిని సిగరెట్ల లెక్కతో భాగిస్తే, అమ్మకం పెరిగి డబ్బొచ్చిందా, ధర పెంచితే వచ్చిందా తెలిసిపోయేది. 2011లో షెడ్యూల్ మారాక ఆ పేజీలు పోయాయి. ఇప్పుడు అమ్మకాల వృద్ధి ఎంతో విశ్లేషకుడు అంచనా వేసి చెబితే మనం నమ్మాలి.

న్యాయంగా చెప్పాలంటే మాకూ ఒక లోటుండేది. సెగ్మెంట్ లాభం చూపాలన్న ఏఎస్ 17 నిబంధన 2001లో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు ఎన్ని సిగరెట్లో తెలిసేది, వాటి మీద లాభమెంతో తెలిసేది కాదు. తర్వాత పెద్ద కంపెనీలకు 2016 నుంచి ఇండ్ ఏఎస్ 108 వచ్చింది. దాని ప్రకారం కంపెనీలో నిర్ణయాలు తీసుకునే పెద్దమనిషి వ్యాపారాన్ని ఎలా విడదీసి చూసుకుంటే మనకూ అలాగే చూపాలి. ఆయన బిస్కెట్లనూ నోటు పుస్తకాలనూ ఒకే ముద్దగా చూస్తే మనకూ ముద్దే. ఏడాది మధ్యలో విభజన మారిస్తే పాత సంవత్సరాల అంకెలు కూడా తిరగరాస్తారు. అందుకే ఈ ఏటి నివేదికలోని 'గత సంవత్సరం' నిలువు వరసను పోయినేటి నివేదికతో పోల్చి చూడాలి. తేడా వస్తే దాని కింద నోటు చదవాలి.

ఇంత చెప్పినా మనవడు "అయితే ఒక్క ముక్కలో ఏం కంపెనీ?" అంటాడు. లాభానికి సిగరెట్ల కంపెనీ, అమ్మకానికి కిరాణా కొట్టు, 2024 చివరి దాకా ఆస్తులకు హోటలు కూడా. ఒక్క ముక్కలో కావాలంటే ఆ యాప్‌నే చూసుకోమన్నాను!