ఆరు కళ్లు, మూడు గడులు

ఆఫీసులో "ముందు టెస్టులో ఒకసారి చేసి చూద్దామా?" అని అడిగినవాడిని అందరూ అదోలా చూస్తారు. పని రానివాడని కొందరు, పని ఎగ్గొట్టే ఎత్తు వేశాడని కొందరు అనుకుంటారు. మేనేజరుగారైతే చిద్విలాసంగా నవ్వి, "నీళ్లలో దిగకుండా ఈత వస్తుందటయ్యా?" అంటారు. మాట బాగానే ఉంది. దిగేది మనం, మునిగేది ఖాతాదారు అన్న చిన్న తేడా ఒక్కటే ఆయనకు గుర్తుండదు.

ఇలా టెస్టు లేకుండా నేరుగా దిగే లైవ్ వీరుల దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. దాని పేరు మేకర్-చెకర్. ఒకరు ఎంట్రీ కొడతారు, ఇంకొకరు సరిచూస్తారు, పెద్ద మొత్తమైతే పైన మరొకరు ఓకే చెయ్యాలి. మొత్తం ఆరు కళ్లు. ఆరు కళ్లు చూశాక కూడా టెస్టు కావాలంటే అది సహోద్యోగులను అవమానించడం కాదూ?

ఈ ఆరు కళ్ల మహిమ తెలియాలంటే 2020 ఆగస్టు 11న సిటీబ్యాంకులో జరిగింది చూడాలి. రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ తీసుకున్న అప్పుకు ఆ బ్యాంకు ఏజెంటు. అప్పిచ్చినవాళ్లకు వడ్డీ పంచడం దాని పని. ఆ రోజు పంచాల్సిన వడ్డీ 78 లక్షల డాలర్లు. అయితే లోన్లు నడిపే ఫ్లెక్స్‌క్యూబ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పని తిన్నగా అయ్యే దారి లేదు. అప్పు మొత్తం తీర్చేస్తున్నట్టు ఎంట్రీ కొట్టి, అసలు మాత్రం బయటికి పోకుండా బ్యాంకు సొంత వాష్ ఖాతాలోకి మళ్లించాలి. అలా మళ్లించడానికి స్క్రీన్ మీద PRINCIPAL, FRONT, FUND అని మూడు గడులున్నాయి. మూడింట్లోనూ వాష్ ఖాతా పెట్టాలని బ్యాంకు మాన్యువల్లోనే రాసి ఉంది.

మేకర్ PRINCIPAL గడి ఒక్కటే నింపాడు. అసలు ఆగాలంటే PRINCIPAL అన్న గడి చాలదూ? పేరే చెబుతోంది కదా. చెకర్ చూశాడు, ఆయనకూ అలాగే అనిపించింది. వీళ్లిద్దరూ మన దేశంలోనే కూర్చుని పనిచేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగులు. మూడో ఆయన అమెరికాలోని డెలవేర్‌లో ఉన్న బ్యాంకు మేనేజరు. ఆయనా చూశాడు, అసలు వాష్ ఖాతాలోకే వెళ్తోందని నమ్మి సరే అన్నాడు. డబ్బు బ్యాంకు దాటి బయటికి వెళ్తుంది, కొనసాగించమంటారా అని స్క్రీన్ హెచ్చరించింది కూడా. ఎంత డబ్బో మాత్రం చెప్పలేదు. వడ్డీ ఎలాగూ బయటికే వెళ్లాలి కాబట్టి ఆ హెచ్చరికలో వాళ్లకు వింతేమీ కనిపించలేదు. ఎస్ నొక్కారు. వడ్డీతో పాటు అసలు కూడా కలిసి దాదాపు 90 కోట్ల డాలర్లు బయటికి పోయాయి.

మర్నాడు లెక్కలు చూసుకుంటుంటే విషయం బయటపడింది. మొదటి అనుమానం ఎవరి మీదో చెప్పనక్కర్లేదు. సిస్టమ్ సరిగ్గా పనిచేయడం లేదని సాంకేతిక విభాగానికి ఫిర్యాదు వెళ్లింది! పాపం సిస్టమ్, ఆ రోజు అక్షరాలా చెప్పినట్టు చేసింది అదొక్కటే. డబ్బు తిరిగి పంపమంటే కొందరు పంపారు, కొందరు "మా అప్పు మాకు తీరింది, సంతోషం" అని కూర్చున్నారు. అలా చిక్కుకున్నది 50 కోట్ల డాలర్ల పైమాటే. 2021 ఫిబ్రవరిలో కోర్టు ఆ డబ్బు వాళ్లే ఉంచుకోవచ్చంది. 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మూడు గడుల్లో రెండు ఖాళీగా వదిలినందుకు రెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు.

ఇప్పుడు చెప్పండి, ఆరు కళ్లూ ఏం చూశాయి? ముగ్గురూ శ్రద్ధగానే చూశారు. చూసింది మాత్రం గడిని, డబ్బును కాదు. ఒకే అపోహ ముగ్గురికీ ఉంటే మూడు సంతకాలు దాన్ని దిద్దవు, దానికి మూడు ముద్రలు వేస్తాయి. టెస్ట్ కాపీ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. "నువ్వేమనుకుంటున్నావు?" అని అది అడగదు. ఎంట్రీ కొట్టగానే బయటికి వెళ్లబోయే చెల్లింపులన్నీ వరుసగా పేర్చి, అడుగున మొత్తం చూపిస్తుంది. 78 లక్షలు ఉండాల్సిన చోట 90 కోట్లు కనిపిస్తే, ఫ్లెక్స్‌క్యూబ్ అంటే ఏమిటో తెలియని టీ తెచ్చే కుర్రాడు కూడా "ఇదేంటి సార్?" అంటాడు. అసలు వైరు తగిలించని కాపీ కాబట్టి ఆ ప్రశ్నకు కోర్టు ఖర్చు ఉండదు.

"మా దగ్గర టెస్ట్ క్యూ ఉందండీ" అని రొమ్ము విరుచుకునేవాళ్లూ ఉన్నారు. లోపలికి వెళ్లి చూడండి. పది టికెట్లుంటాయి. పదీ కడిగిన ముత్యాలు. పేరు సరిగ్గా ఉంటుంది, మొత్తం సరిపోతుంది, ఒక్క గడీ ఖాళీగా ఉండదు. ఏడాదికోసారి వచ్చి ప్రాణం తీసే మెలిక ఎంట్రీ ఒక్కటీ ఉండదు. జవాబులేమో పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎప్పటినుంచో తిరుగుతుంటాయి. కొత్తవాడు మధ్యాహ్నానికల్లా పదికి పది తెచ్చుకుంటాడు, సాయంత్రానికి లైవ్ లాగిన్ వచ్చేస్తుంది. రెవ్లాన్ లాంటి ఎంట్రీ లేని టెస్ట్ క్యూలో ఎన్ని మార్కులు వచ్చినా తేలేది ఒక్కటే, వాడికి సులువైన పని వచ్చని.

ఇంకో రకం వాళ్లు ప్రాక్టీసు చేస్తారు, కానీ లైవ్ కిటికీలోనే చేస్తారు. 2018 జనవరి 13 ఉదయం 8 గంటల 7 నిమిషాలకు హవాయి జనం ఫోన్లలో క్షిపణి వస్తోందన్న హెచ్చరిక మోగింది. అత్యవసర విభాగంలో అప్పుడు జరుగుతున్నది డ్రిల్లు. డ్రిల్లు హెచ్చరిక, అసలు హెచ్చరిక రెండూ ఒకే మెనూలో ఉండేవి. నిజంగా పంపాలా అని కంప్యూటర్ అడిగింది, పంపమన్నారు. అంతకన్నా విశేషం తర్వాత జరిగింది. అది అబద్ధమని చెప్పే సందేశం ముందుగా తయారుచేసి పెట్టుకోలేదు. దాన్ని పంపేసరికి 38 నిమిషాలు పట్టింది. పంపడం ప్రాక్టీసు చేశారు, వెనక్కి తీసుకోవడం చెయ్యలేదు. మన టెస్ట్ క్యూల్లోనూ సబ్మిట్ నొక్కడం నేర్పుతారు. నొక్కిన తప్పును ఎవరికి ఫోన్ చేసి, ఏ స్క్రీన్‌లో, ఎంతసేపట్లో ఆపాలో నేర్పించిన చోటు నాకైతే కనిపించలేదు.

లైవ్ వీరులు చివరికి ఒక మాట అంటారు: "టెస్ట్ కాపీ అచ్చం లైవ్‌లా ఉండదండీ, దాన్ని నమ్మలేం." ఇది మాత్రం నిజం. పాత డేటా ఉంటుంది, కొన్ని కనెక్షన్లు ఉండవు, లైవ్‌లో ఉన్న రద్దీ అక్కడ రాదు. కాబట్టి ఏమేం తేడాలున్నాయో ఒక కాగితం మీద రాసుకోవాలి, మొదటి లైవ్ ఎంట్రీ చిన్న మొత్తంతో కొట్టి చూడాలి. వాళ్లు తేల్చేది వేరు: కాపీ నమ్మదగ్గది కాదు కనుక నేరుగా జనం డబ్బు మీదే ప్రయోగం చేద్దామని.

వాళ్ల ధైర్యం వృథా పోకూడదు. అందుకని ఒక ప్రతిపాదన. టెస్టు అక్కర్లేదన్న మేనేజరుగారి సొంత జీతం ఖాతా నుంచే, కొత్తగా చేరిన కుర్రాడి చేత మొదటి లైవ్ ఎంట్రీ కొట్టించే రూలు పెట్టండి. మూడేళ్లుగా బడ్జెట్ లేదన్న టెస్ట్ సర్వరు ఆ మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది.