నాన్న బొగ్గుబాయి, అటుపైన పడవ

ఈ ఉగాది కవిసమ్మేళనాల్లో పుట్టిన కొత్త మోజు సంగతి మీకు తెలిసిందే: ఒకే రూపకం, వంద పంక్తులు. జనగామలో విన్నాను, మానుకోటలో విన్నాను, భూపాలపల్లిలో మాత్రం కడుపునిండా విన్నాను.

మానుకోట కవిగారి ప్రేయసి మిర్చితోట. రెండో చరణానికే ఆ తోట పట్టాలెక్కి కూత పెట్టింది. సరే, వదిలేద్దాం.

భూపాలపల్లిలో ఒకాయన 'నాన్న బొగ్గుబాయి' అని అందుకున్నాడు. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు, ఇంట్లో దీపం మాత్రం ఆయన లోపలిదే అన్నాడు. నిజంగానే నా గొంతు పట్టేసింది. మూడో పంక్తికి నాన్న పడవయ్యాడు. బాయిలో నీళ్లు ఊరుతాయి నిజమే, మోటర్లు పెట్టి తోడేస్తారు. పడవలు వేయరు నాయనా!

రెండో ఆయన తెలివైనవాడు, మొదట్లో బాయి దాటి బయటికి రాలేదు. టోపీలైటు నాన్న చూపు. బాగుంది. కప్పు మీద పడకుండా కొట్టిన బోల్టులు నాన్న మాటలు. ఇంకా బాగుంది. అక్కడ దిగిపోవచ్చు. దిగలేదు. మస్టరు పుస్తకం నాన్న నుదురట, బెల్టు మీద పోయే బొగ్గు నాన్న నడకట, క్యాంటీన్ చాయ్ నాన్న నెత్తురట, కరెంటు ఫ్యాక్టరీ చిమ్నీ నాన్న ముక్కట! ముప్పయ్యో పంక్తికి నాన్న మాయమయ్యాడు. స్టోర్ రూము సామాన్ల పట్టీ మిగిలింది. చప్పట్లు, శాలువా.

నాకు ఒళ్లు మండింది. ముందువరుసలో నిజంగా బాయి దిగినవాళ్లు కూర్చున్నారు. వాళ్ల బతుకు పోలికలు వెతుక్కునే బుట్ట కాదు.

ఒకే రూపకాన్ని ఎలా నిలపాలో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు, జనగామ జిల్లాలోనే పోతన ఊరు బమ్మెర ఉంది. పోతన భాగవతాన్ని కల్పవృక్షమన్న పద్యం అందరికీ కంఠస్థమే, దాని కట్టుబడి ఎవరికీ పట్టదు. స్కంధం అంటే మాను, గ్రంథంలో భాగం కూడా. శుకమంటే చిలుక, కథ చెప్పిన శుకముని కూడా. చెట్టు గుండ్రదనమూ వృత్తమే, పద్యమూ వృత్తమే. పాదుగా వ్యాసుడున్నాడు. వాలే ద్విజులు పక్షులు, చదివే విప్రులు. ఏ మాట పట్టుకున్నా చెట్టూ నిలుస్తుంది, పుస్తకమూ నిలుస్తుంది. దీన్నే మనవాళ్లు సావయవ రూపకమన్నారు. అంత పట్టున్నవాడూ ఆకు దేనికి పోలిక, బెరడు దేనికి పోలిక అని వెతకలేదు. నాలుగు పాదాల్లో ముగించాడు.

కాబట్టి కవిగారూ, రాసింది రెండుసార్లు చదవండి. ఒకసారి బాయి దిగినవాడి చెవితో: ఇది బాయిలో ఉంటుందా? ఇంకోసారి మీ అమ్మ చెవితో: ఇది నాన్నేనా? రెండింటికీ అవునంటేనే ఆ పంక్తి ఉంచండి.

బొగ్గు అయిపోయిన బాయిని సింగరేణి కూడా మూసేస్తుంది. మీరూ మూయండి.