హాజరు మనది, పుస్తకం మేస్త్రీది

మన పడమటి మండలాల్లో పిల్లలకు లెక్కలు రావడం లేదని బాధపడే మాస్టార్లు ఒక్కసారి బేల్దారి మేస్త్రీ చొక్కా జేబులో ఉండే చిన్న పుస్తకం తెరిచి చూడాలి. మదనపల్లె మేస్త్రీ అయినా, పుంగనూరు మేస్త్రీ అయినా, కుప్పం మేస్త్రీ అయినా ఫరవాలేదు. అట్ట మూలలు సిమెంటు పట్టి గట్టిపడి ఉంటాయి. పేర్లకెదురుగా అడ్డగీతలు, సున్నాలు, నడుమ నడుమ కొట్టివేతలు. ఆ రాత ఆయనకు తప్ప ఎవరికీ అర్థం కాదు. ఆయనకైనా బట్వాడా నాడే అర్థమవుతుంది.

ఈ పుస్తకం ఇక్కడ మొదలై బెంగళూరులో నిండుతుంది. మదనపల్లె వాళ్ళు చింతామణి మీదుగా బస్సులో, పుంగనూరు వాళ్ళు ముళబాగిలు మీదుగా, కుప్పం వాళ్ళు బంగారుపేట మీదుగా రైల్లో పోతారు. దారులు మూడైనా అడ్వాన్సు ఒక్కటే. సుగుటూరు గంగమ్మ జాతర ముందో, పిల్లోడి ఫీజు గడువు రోజో మేస్త్రీ గుమ్మం ముందు నిలబడి, "ఇంద, ఇది పెట్టుకో అబ్బోడా, మనోడివి కదా" అని పదిహేను వేలు చేతిలో పెడతాడు. ఇంటిల్లిపాదీ ఆయన్ను దేవుడంటారు. దేవుడు చిత్రగుప్తుడి పని కూడా తానే చూసుకుంటాడని అప్పటికి తెలియదు.

ఒక బేల్దారిని తీసుకుందాం. పేరెందుకు, ఏ ఊళ్ళో వాళ్ళు ఆ ఊరి పేరు పెట్టుకోండి. కూలి రోజుకు రూ.900 అని మాట. పదకొండు వారాలు చేశాడు. నిండు హాజర్లు 60, అర హాజర్లు 8, కలిపితే 64. అంటే సంపాదన రూ.57,600. బయల్దేరేటప్పుడు తీసుకున్న అడ్వాన్సు రూ.15,000. వారం వారం "ఖర్చులకు" రెండు వేల చొప్పున తీసుకున్నది రూ.22,000. రెండూ పోగా ఊరికి పోయే రోజు చేతికి రావలసింది రూ.20,600. రెండో తరగతి పిల్లకు వేలు పట్టి నేర్పితే చేసేస్తుంది.

మేస్త్రీ చేస్తే మాత్రం రూ.8,800 వస్తుంది.

ఎట్లా అంటే, అర హాజర్లను ఆయన హాజర్లలో చేర్చడు. "అర పూట పన్జేస్తే దాన్ని హాజరంటారా యాడన్నా?" అంటాడు. నాలుగు రోజుల కూలి అక్కడే పోయింది. మిగిలిన అరవై హాజర్లకూ రోజుకు రూ.50 చొప్పున మేస్త్రీ కమీషను. పిలుచుకుపోయిన బస్సు ఛార్జీ, పైఖర్చు కలిపి రూ.1,000. రేకుల షెడ్డుకు వారానికి రూ.200 అద్దె. ఆ షెడ్డులో సిమెంటు బస్తాలు కూడా పడుకుంటాయి, వాటి వాటా అద్దె ఎవరు కట్టారో పుస్తకంలో లేదు. ఇక ఒక శనివారం ఇచ్చిన రెండు వేలను ఆదివారం మళ్ళీ రాసుకున్నాడు, మర్చిపోతానేమోనని. అన్నీ కలిపితే రూ.11,800 తేడా. పుంగనూరు ఆవు పుట్టుకతోనే పొట్టిది. మన కూలి అట్లా కాదు, పని దగ్గర నిండుగానే ఉంటుంది, మేస్త్రీ జేబు దాటేసరికి పొట్టిదవుతుంది.

అయినా ఆ ఎనిమిది వేల ఎనిమిది వందలన్నా ఇస్తాడా అంటే, "పైన బిల్లు పాస్ కాలేదప్పా, నాలుగు వేలు పట్టకపో, మిగిలింది వచ్చే ట్రిప్పుకు చూద్దాం" అంటాడు. వచ్చే ట్రిప్పుకు మనిషి తప్పకుండా రావడానికి ఇంతకన్నా మంచి తాడు కనిపెట్టలేదు ఎవరూ.

ఇప్పుడు అసలు చోద్యం. మన బేల్దారి వారానికి సగటున ఐదు వేల రెండు వందలు సంపాదిస్తున్నాడు, రెండు వేలు తీసుకుంటున్నాడు. అంటే వారానికి మూడు వేల పైచిలుకు మేస్త్రీ దగ్గరే నిలిచిపోతోంది. ఆ లెక్కన పదిహేను వేల అడ్వాన్సు ఐదో వారంలోనే తీరిపోయింది. ఆరో వారం నుంచి అప్పిచ్చినవాడు బేల్దారి, తీసుకున్నవాడు మేస్త్రీ. వడ్డీ లేదు, నోటు లేదు, సాక్షి లేడు. తన కూలిలోంచి తనకే రెండు వేలిస్తే దాన్ని "అడ్వాన్సు" అని రాయించుకుని, పైగా "నీ రుణం తీర్చుకోలేనన్నా" అని దండం పెట్టేవాడు మన కూలివాడొక్కడే. బ్యాంకు మేనేజర్లు ఈ మేస్త్రీల దగ్గర ఒక నెల శిక్షణ తీసుకుంటే మొండి బాకీలుండవు.

ఈ కమీషను విద్య మన ప్రాంతం సొంతమని పొంగిపోవద్దు. 1982 ఏషియాడ్ కోసం ఢిల్లీలో స్టేడియాలు కడుతున్నప్పుడు కనీస కూలి రోజుకు రూ.9.25. జమాదార్లు మనిషికి రూపాయి చొప్పున పట్టుకుని రూ.8.25 చేతిలో పెట్టేవాళ్ళు. పీయూడీఆర్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ఆ ఏడాది సెప్టెంబరులో జస్టిస్ భగవతి తీర్పు చెబుతూ, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందన్నారు. ఒక్క రూపాయికి అంత మాట. మన మేస్త్రీలది యాభై. ధరలు పెరిగాయి మరి.

కొత్త చట్టం కూడా వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో మేస్త్రీ పుస్తకానికి గిట్టని సంగతులు నాలుగున్నాయి. రోజు కూలి అయితే ఆ పూట పని దిగేలోపు, వారం కూలి అయితే వారంలో చివరి పని రోజున ఇచ్చేయాలి. అంటే "ఖర్చులకిస్తా, లెక్క ఆఖర్న చూస్తా" అన్న పద్ధతికే చోటు లేదు. పని మానేసిన మనిషికి రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి, "వచ్చే ట్రిప్పు" అన్న మాట చట్టానికి తెలియదు. పనిలో చేరకముందు ఇచ్చిన అడ్వాన్సు పట్టుకోవచ్చు గానీ, ప్రయాణం ఖర్చుకిచ్చింది పట్టుకోకూడదు. ఈ మాట 1936 నాటి చట్టంలోనూ ఉండేది, మేస్త్రీలకు కబురు అందడం ఆలస్యమైనట్టుంది. కూలివాడు యజమానికి గానీ అతని ఏజెంటుకు గానీ ఏం కట్టినా అది కూలిలో కోత కిందే లెక్క, కాబట్టి కమీషను అని పేరు పెట్టినంత మాత్రాన చెల్లదు. మేస్త్రీ కష్టానికి మేస్త్రీకి డబ్బు రావద్దా అంటే రావాలి, కాంట్రాక్టరు జేబులోంచి.

ఇవన్నీ సరే, నా మాటే నిజమని ఎట్లా చూపించేది అంటాడు బేల్దారి. అక్కడే ఉంది కిటుకు. కూలి ఇవ్వలేదనో, తక్కువిచ్చారనో, పట్టకూడనిది పట్టారనో అర్జీ పెడితే, ఇచ్చామని రుజువు చేసుకోవలసింది యజమానే. కోడ్‌లో 59వ సెక్షన్ మాట ఇది. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే కట్టడం సొంతదారైన కంపెనీ ఇచ్చుకోవాలి. అర్జీకి గడువు మూడేళ్ళు. పనిచేసిన చోటి లేబర్ ఆఫీసులోనే వేయాలి. బెంగళూరులో చేసిన పనికి మదనపల్లె ఆఫీసు మెట్లెక్కితే, "అది కర్ణాటక కదప్పా" అని మర్యాదగా మెట్లు దింపుతారు.

రుజువు భారం వాళ్ళదే అయినా, తాను అక్కడ పని చేశానని చూపించే కాగితం ఒకటన్నా మన చేతిలో ఉండాలి. దానికి శనివారం సాయంత్రం రెండు నిమిషాలు చాలు. మేస్త్రీ నంబరుకు వాట్సాప్‌లో ఇట్లా పెట్టాలి: "మేస్త్రీ అన్నా, ఈ వారం నిండు 5, అర 1, మొత్తం 5½. మొదట్నుంచి 31. కూలి 900. ఖర్చు 2000 ముట్టింది. తప్పుంటే చెప్పు." అదే మెసేజి ఇంట్లో ఆడమనిషికీ పంపాలి, ఫోను పోయినా లెక్క పోదు. ఆమె క్యాలెండరు మీద గీతలు పెడితే ఇంకా మేలు. మొదట్నుంచి ఎన్ని హాజర్లో ప్రతి వారం చెప్పడమే ఇందులో ముఖ్యం. అర హాజరు ఎగిరిపోతే ఆ వారమే తెలుస్తుంది, పదకొండో వారం కొట్లాడే పని ఉండదు. ఖర్చు డబ్బులు ఫోన్‌పేలో వేయించుకుంటే రెండు వేలు నాలుగు వేలు కావు. ఖాళీ ఓచరు మీద సంతకం మాత్రం పెట్టొద్దు, వేలిముద్ర అసలే వద్దు.

మేస్త్రీకి ఒక బలహీనత ఉంది. పెద్ద సైట్లలో ఏ మేస్త్రీ కింద ఎంతమంది బేల్దారులు, ఎంతమంది కూలీలు వచ్చారో ఇంజనీరు రోజూ రాసుకుంటాడు, దాన్ని లేబర్ రిపోర్టు అంటారు. రోజు కూలి లెక్కన పని ఒప్పుకున్న మేస్త్రీ ఆ రిపోర్టు ప్రకారమే పైన బిల్లు పెడతాడు. అక్కడ మన అర హాజరు బ్రహ్మాండంగా బతికే ఉంటుంది, 64కు 64. కిందికి వచ్చేటప్పుడే దానికి ప్రాణం పోతుంది. చదరపు అడుగుల లెక్కన ఒప్పుకున్న పని అయితే బిల్లులో మనుషుల లెక్క ఉండదు గానీ, రిపోర్టులోనూ గేటు దగ్గర సెక్యూరిటీ పుస్తకంలోనూ ఉంటుంది. అందుకే చేరిన మొదటి రోజే సైటు ముందున్న బోర్డు ఫోటో తీసుకోవాలి. కంపెనీ పేరు తెలియనివాడి అర్జీలో ఎదుటి పక్షం గడి ఖాళీగా ఉంటుంది. ఆ గడిలో "మా మేస్త్రీ" అని రాస్తే ఆఫీసులో నవ్వుతారు.

సరిగ్గా ఇచ్చే మేస్త్రీలు లేరా? ఉన్నారు. అడిగితే పుస్తకం చేతికిస్తారు, వాళ్ళను గుర్తుపట్టడం అంత సులువు. పైవాడు ఎగ్గొడితే సొంత పెళ్ళాం కమ్మలు కుదువ పెట్టి కూలి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ మాట మిగతావాళ్ళు అందరికన్నా ఎక్కువగా చెప్పుకుంటారు.

అసలు ఇబ్బంది చట్టంలో లేదు, చుట్టరికంలో ఉంది. మేస్త్రీ ఏ మేనమామ వరసో అవుతాడు. ఊళ్ళో ఎదురుపడాలి, పెళ్ళికి పిలవాలి, వచ్చే జాతరకు మళ్ళీ పదిహేను వేలు అడగాలి. మూడేళ్ళ గడువులో మూడు జాతర్లు వచ్చిపోతాయి. శనివారం మెసేజి పెట్టిన వాడితో మేస్త్రీ, "ఏమప్పా, నా మీదనే నమ్మకం లేదా?" అని నొచ్చుకుంటాడు. నమ్మకం ఉంది మేస్త్రీ. అందుకే కదా ఆరో వారం నుంచి అప్పిస్తున్నాం.