రోజుకు ముప్పై మూడేనట!

వార్షిక సమావేశంలో చూపిన స్లైడ్ల సారాంశాన్ని ప్రిన్సిపాల్ గారు తల్లిదండ్రులందరికీ ఉత్తరంగా పంపారు. వెనక వరసల వాళ్లకు అంకెలు కనబడలేదట.

పదో తరగతి ఉత్తీర్ణత నిరుడు 96 శాతం, ఈ ఏడు 98. పెరిగింది రెండే అయినా, బొమ్మలో ఈ ఏటి కడ్డీ నిరుటిదానికి మూడింతలుంది. కింది గీతను సున్నా దగ్గర కాకుండా 95 దగ్గర మొదలెడితే అంతే మరి. ఒకటి పక్కన మూడు నిలబడుతుంది. ఇదేమిటని లెక్కల మాస్టారిని అడిగితే, పాపం, ఆయనకు దగ్గొచ్చింది.

ఫీజుకు మాత్రం కడ్డీల్లేవు. 80 వేలు 92 వేలైందని చెప్పడానికి మొహమాటపడి, ‘రోజుకు 33 రూపాయలే అదనం’ అన్నారు. పన్నెండు వేలను 365తో భాగించారన్నమాట. ఆదివారాలు, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో కూడా బడి నడిపినట్టు! విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చెప్పిన 220 పనిదినాలతో భాగిస్తే రోజుకు 54 దాటుతుంది. పుస్తకాలు, యూనిఫాం, బస్సు మరో స్లైడట. అది ఉత్తరంలో లేదు.

చివర్లో ఇలా ఉంది: ‘సందేహాలుంటే వచ్చే ఏటి సమావేశంలో అడగవచ్చు. మొదటి విడత ఫీజుకు సోమవారమే ఆఖరు.’