మాకేం వద్దండీ!

తెలుగువాళ్ల పెళ్లిళ్లలో అన్నిటికన్నా ఖరీదైన మాట “మాకేం వద్దండీ” అన్నదే. తాంబూలాలు పుచ్చుకునే రోజున మగపెళ్లివారి పెద్దాయన కాఫీ గ్లాసు కింద పెట్టి ఈ మాట సెలవిస్తాడు. ఆడపెళ్లివారు పొంగిపోతారు. వాళ్ల పొంగు చల్లారకముందే ఆయన గొంతు సవరించుకుని, “మా వాళ్లని కాస్త మర్యాదగా చూసుకోండి, అంతే చాలు” అంటాడు. ఆ ‘కాస్త’ ఎంతో, ‘మా వాళ్లు’ ఎందరో అడిగే ధైర్యం ఆ గదిలో ఎవరికీ ఉండదు. అడిగితే సంబంధం తప్పిపోతుందేమోనని ఒకరికి భయం. తమంతట తాము చెబితే చిన్నతనమని ఇంకొకరికి బింకం.

కట్నం అడగడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. మర్యాద అడగడం నేరమని ఏ చట్టమూ అనలేదు. కనుక కట్నాన్ని లోపలి గదిలోకి పంపించి, మర్యాదను హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాం.

ఈ మర్యాదను కొలిచే పరికరం ఒకటుంది. దాని పేరు భోజనం ప్లేటు. మండల కేంద్రంలో ఓ మధ్యతరగతి పెళ్లి జరుగుతోందనుకుందాం. మగపెళ్లివారు 350 మంది, ఆడపెళ్లివారు 250 మంది అని నోటిమాటగా అనుకున్నారు. క్యాటరింగ్ ఆయనతో ప్లేటు 600 రూపాయల చొప్పున 600 ప్లేట్లకు ఖాయం చేసుకున్నారు. అంతకు తగ్గినా 600 ప్లేట్లకూ కట్టాలి, పెరిగితే పెరిగినన్నిటికీ కట్టాలి. అడ్వాన్సు ఇచ్చింది పెళ్లికూతురి తండ్రి. ఇక్కడే తిరకాసుంది. పిలిచేది ఒకరు, లెక్క చూసేది మరొకరు, డబ్బు కట్టేది ఇంకొకరు. పిలిచేవాడికి బిల్లు రాదు కాబట్టి పిలుపుకు అంతే ఉండదు. పెళ్లికొడుకు తండ్రి ఆఫీసులో పనిచేసేవాళ్లంతా వస్తారు, తల్లిగారి భక్త బృందం వస్తుంది, పెళ్లికొడుకు ఇంజినీరింగు స్నేహితులు వస్తారు, వాళ్ల వెంట ఎవరి స్నేహితులో తెలియనివాళ్లూ వస్తారు.

ముహూర్తం దాటింది. చివరి బంతి లేచింది. క్యాటరింగ్ ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, “780 అయ్యాయి సార్” అన్నాడు. 180 ప్లేట్లు ఎక్కువ. అంటే లక్షా 8 వేలు. ఆ క్షణంలో ఇరుపక్షాలవాళ్లూ లెక్కల మాస్టర్లయిపోతారు. “మా వాళ్లు పట్టుమని మూడొందలు కూడా రాలేదు బావగారూ, అందరూ మీ ఊరివాళ్లే” అని ఒకాయన. “మా ఊరివాళ్లు ఇంకా తిననే లేదు బావగారూ, మీ వాళ్లు లేస్తేనే కదా!” అని ఇంకొకాయన. ఎవరు ఎవరి చుట్టమో తిన్న ప్లేటు చెప్పదు. పోనీ ముందుగా రెండు రంగుల టోకెన్లు పెడదామా అంటే, “టోకెన్లా! మా చుట్టాలు రేషను షాపుకొచ్చారా?” అని పెళ్లికొడుకు మేనమామ అలిగి విడిదికి వెళ్లిపోతాడు. ఆయన్ని బతిమాలి తీసుకురావడానికి కారొకటి పంపాలి. దాని అద్దె కూడా ఆడపెళ్లివారి ఖాతాలోనే.

ఇక అప్పు సంగతి. ఆ తండ్రి చేతిలో దాచుకున్నది 5 లక్షలు. హాలుకు 2 లక్షలు, భోజనాలకు 3 లక్షల 60 వేలు, అలంకరణ, బాజా, ఫొటోలకు 2 లక్షల 40 వేలు, వెరసి 8 లక్షలు. దానిపై పెరిగిన ప్లేట్లు లక్షా 8 వేలు, విడిది, పెట్టుబడి బట్టలు 92 వేలు. మొత్తం 10 లక్షలు. తక్కువ పడిన 5 లక్షలు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. వినడానికి రెండు రూపాయలే. వందకు నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. నెలకు 10 వేలు, మూడేళ్లకు 3 లక్షల 60 వేలు. అంటే ఆ రోజు 600 మంది ఎన్ని రూపాయల భోజనం చేశారో సరిగ్గా అంత వడ్డీ కట్టాడన్నమాట. అసలు మాత్రం పెళ్లినాటి ఫొటోలా చెక్కుచెదరకుండా ఉంటుంది.

మగపెళ్లివారు లాభపడ్డారని ఎవరైనా అనుకుంటే పొరపాటే. “వాళ్లు 780 మందికి పెట్టారు, మన రిసెప్షన్‌లో అంతకు తగ్గితే తలెత్తుకోగలమా?” అని పెళ్లికొడుకు పేర పర్సనల్ లోను తీస్తారు. వాయిదా మొదలయ్యేది కొత్త కాపురం పెట్టిన నెలలోనే. కోడలికి ఉద్యోగం ఉంటే ఆ వాయిదాలో ఆమె జీతమూ పోతుంది. పెళ్లి ఖర్చు పుట్టింటివారు పెట్టారు, రిసెప్షన్ ఖర్చు అత్తింటివారు పెట్టారు అని బంధువులు చెప్పుకుంటారు. రెండో దానికి డబ్బు కట్టినవాళ్లలో పెళ్లికూతురు కూడా ఉందని ఎవరూ చెప్పరు.

ఇంకో రకం బింకం కూడా ఉంది, అది ఆడపెళ్లివారిది. ఎప్పుడో ఓ మంచి వియ్యంకుడు దొరికి, “ఖర్చు చెరి సగం వేసుకుందాం బావగారూ” అంటాడు. పెళ్లికూతురి తండ్రి చెవులు మూసుకుంటాడు. “మా అమ్మాయి పెళ్లికి మీ దగ్గర తీసుకుంటే మా పరువేం కాను?” అంటాడు. వియ్యంకుడి దగ్గర వడ్డీ లేకుండా వచ్చే 4 లక్షలు పరువు తక్కువ. వడ్డీ వ్యాపారి ముందు నిలబడి ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయడం మాత్రం పరువు.

రాసుకుంటే వ్యాపారంలా ఉంటుందంటారు. చదివింపుల దగ్గర మాత్రం నోటు పుస్తకం, దాని పక్కన బల్ల, బల్ల వెనక నమ్మకమైన మేనల్లుడు ఉంటారు. నూటపదహార్లు చదివించినవాడి పేరు, ఊరు తప్పు లేకుండా ఎక్కుతాయి. వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అది రాసే మేనల్లుణ్ణి ఇంతవరకు ఏ పందిట్లోనూ చూడలేదు. అంటే మనకు రాయడం రాక కాదు. మనకు రావలసింది రాస్తాం, మనం ఇవ్వవలసింది గాలికి వదిలేస్తాం.

ఆ పుస్తకంలోనే తాంబూలాల నాడు ఒక పేజీ ముందుగా వాడితే చాలు. హాలు, భోజనం, అలంకరణ, బాజా, ఫొటోలు ఉమ్మడి. సగం సగం. ఎవరి బట్టలు, బంగారం, ప్రయాణాలు, బస వాళ్లవి. క్యాటరింగ్ కాగితం మీద ఇద్దరు వియ్యంకుల సంతకాలూ ఉండాలి, అడ్వాన్సు ఇద్దరూ కట్టాలి. ప్లేట్లు పెరిగితే ఎవరి చుట్టం తిన్నాడని వెతకొద్దు, అది ఏ జన్మకూ తేలదు. ముందు ఒప్పుకున్న 350, 250 లెక్క ప్రకారం పెరిగిన బిల్లు పంచుకోవాలి. మన పెళ్లిలో ఆ లక్షా 8 వేలల్లో మగపెళ్లివారికి 63 వేలు, ఆడపెళ్లివారికి 45 వేలు పడతాయి. 63 వేలు తన జేబులోంచి పోతాయని తెలిసిన పెద్దాయన భక్త బృందాన్ని పిలిచేముందు ఓసారి ఆలోచిస్తాడు. భక్తి తగ్గదు, ప్లేట్లు తగ్గుతాయి.

ఉమ్మడి ఖర్చులో ఆ తండ్రి వాటా 4 లక్షలు, పెరిగిన ప్లేట్లకు 45 వేలు. దాచుకున్న 5 లక్షల్లో ఇంకా 55 వేలు మిగులుతాయి. విడిది ఎవరిది వాళ్లే చూసుకుంటారు కనుక అమ్మాయి బట్టలు ఆ డబ్బులో వస్తాయి. వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కే పని లేదు. మగపెళ్లివారు తమ సగం వేశాక మళ్లీ వేరే రిసెప్షన్ కావాలంటే దానికి పిలిచేదీ వాళ్లే, కట్టేదీ వాళ్లే. ఆ రోజున జాబితా దానంతటదే చిక్కిపోతుంది.

ఇదంతా తాంబూలాల నాడు మాట్లాడటం నామోషీ అనే వియ్యంకులకు నాదొక్కటే మనవి. క్యాటరింగ్ కాగితం మీద కలిసి సంతకం పెట్టలేకపోతే పోనీండి, తర్వాత రాయబోయే ప్రామిసరీ నోటు మీదైనా ఇద్దరూ కలిసి పెట్టండి. “మాకేం వద్దండీ” అన్న పెద్దమనిషి ఆ సంతకం దాకా వచ్చి కూడా అదే మాట అంటాడేమో చూద్దాం.