వియ్యంకుడు గారి కొటేషన్

ద్రాక్షారామం మనిషి ఆ చుట్టుపక్కల ఏ బియ్యం కంపెనీలోనో కొనుగోళ్ల మేనేజరు అయ్యాడంటే, కుర్చీ ఎక్కేలోపే సరుకమ్మేవాళ్లలో సగం మంది ఆయనకు చుట్టాలై ఉంటారు. అది ఆయన తప్పు కాదు, డెల్టాలో సంబంధాలు కాలవ దాటి వెళ్లకపోవడం వల్ల వచ్చిన చిక్కు. గోనె సంచుల కొటేషన్లలో మీ వియ్యంకుడు గారిదీ ఉంది కదా, కంప్లయన్స్ ఆఫీసరుకి రాసిచ్చారా అని అడిగితే, "అందరికీ తెలిసిందేగా!" అంటాడు. ఈయన దొంగ కాదు, కంపెనీ పెన్ను కూడా ఇంటికి పట్టుకెళ్లడు. కాకపోతే భీమేశ్వరుణ్ణి పూర్తిగా చూడాలంటే పై అంతస్తు ఎక్కాల్సిందే అన్నట్టు, ఈయన చుట్టరికం కింద నిలబడ్డవాళ్లకు సగమే కనిపిస్తుంది.

రేట్లు విప్పే రోజు చెబితే సరిపోతుందని ఆయన లెక్క. అసలు పని అప్పటికే అయిపోతుంది. "సరఫరాదారు గోడౌను 10 కిలోమీటర్ల లోపు ఉండాలి" అని షరతు రాసింది ఈయనే. లారీ కిరాయి కలిసొస్తుందని మంచి మనసుతోనే రాసుంటాడు. తీరా చూస్తే అంత దగ్గర్లో గోడౌను ఉన్నది వియ్యంకుడొక్కడికే. కాబట్టి కాగితం షరతులు రాయకముందే పడాలి: ఏ సంస్థ, ఎవరు, ఏమవుతారు, అందులో తన డబ్బు గానీ ఇంటివాళ్ల వాటా గానీ ఉందా, తేదీ, సంతకం. అప్పుడు ఆఫీసరు ఆ షరతులు వేరొకరి చేత రాయిస్తాడు, కొటేషన్లు ఈయన కంట పడనివ్వడు, కమిటీ నుంచి తప్పించినట్టు మినిట్సులో ఎక్కిస్తాడు. రేపు చిరుగుల సంచులొస్తే వెనక్కి కొట్టే పని కూడా వేరేవాళ్లకే అప్పగించాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

"మా వాడిదే తక్కువ రేటు, కంపెనీకే లాభం" అంటాడు. కావచ్చు. కానీ తక్కువని తేల్చినవాడు కూడా ఈయనే అయితే ఆ మాటకు విలువేముంది? "చట్టంలో వియ్యంకుడు లేడు" అనేది మరింత ముచ్చటైన వాదన. నిజమే, 2013 కంపెనీల చట్టం కింద బంధువుల జాబితాలో కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, తోబుట్టువులు ఉన్నారు గానీ వియ్యంకుడు, బావమరిది, తోడల్లుడు లేరు. రాసినవాళ్లు గోదావరి జిల్లా పెళ్లికి వచ్చి ఉండరు. ఆ జాబితా ముఖ్యంగా డైరెక్టర్లు, పై అధికారుల లావాదేవీల కోసం. మేనేజరును కట్టేసేది కంపెనీ సొంత నియమావళి, అది మొహమాటాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. ఇక అందరికీ తెలియడం సంగతంటారా, 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు రామలింగరాజు కొడుకుల మేటాస్ కంపెనీలను కొంటామన్నప్పుడు ఆ చుట్టరికం ఎవరికి తెలియదు? వాటాదార్లు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

చివరికి ఒప్పుకుని ఫారం నింపుతాడు, బంధుత్వం దగ్గర "దూరపు చుట్టం" అని. ఎంత దూరమండీ అని ఆఫీసరు అడిగితే, కొట్టేసి "రెండు వీధులు" అని రాస్తాడు.