గాజు గిన్నెలో గారడీ

2025 డిసెంబర్ 5. వాషింగ్టన్‌లోని కెనెడీ సెంటర్. ఫుట్‌బాల్ ప్రపంచకప్ గ్రూపుల డ్రా. అమెరికా అధ్యక్షుడు, కెనడా ప్రధాని, మెక్సికో అధ్యక్షురాలు ముగ్గురూ వేదికెక్కారు. తలో బంతీ తీశారు. ట్రంప్ బంతిలో ఏముంది? అమెరికా! కార్నీ బంతిలో? కెనడా! షీన్‌బామ్ బంతిలో? ఇంకేముంటుంది, మెక్సికో! చప్పట్లే చప్పట్లు. మెక్సికోకు ఎ, కెనడాకు బి, అమెరికాకు డి గ్రూపులని ఎప్పుడో రాసిపెట్టుకున్నారు. ముందే తేలిపోయిన దానికి చీటీ తీయడం ఎందుకయ్యా అని అడిగే నాథుడు లేడు. అదే వేదిక మీద ట్రంప్‌గారికి ఫిఫా శాంతి బహుమతి కూడా ముట్టింది. దానికి మాత్రం ఏ గిన్నెలోంచీ చీటీ తీయలేదు.

సరే, ఆతిథ్య దేశాల ముచ్చట వదిలేద్దాం. మిగతా బంతులైనా నిఖార్సైన లాటరీయేనా?

నిబంధన వినడానికి ఎంత ముద్దుగా ఉంటుందో! ఒకే ఖండం జట్లు ఒకే గ్రూపులో పడకూడదు. ప్రపంచకప్ అన్నాక ప్రపంచం కనిపించాలి కదా. ఒక్క ఐరోపాకు మాత్రం గ్రూపుకు రెండు దాకా సర్దుబాటు. 2022లో ఎనిమిది గ్రూపులకు 13 ఐరోపా జట్లు వచ్చాయి మరి, ఎక్కడ కుక్కుతారు? ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ నిబంధనను అమలు చేసే తీరుతోనే.

తీరు ఇదీ. జట్లను ర్యాంకుల వారీగా గిన్నెల్లో వేసి, ఒక్కో గిన్నెలోంచి గ్రూపుకొకటి చొప్పున బంతులు తీస్తారు. వచ్చిన జట్టును అక్షర క్రమంలో ఖాళీగా ఉన్న మొదటి గ్రూపులో వేస్తారు. ఖండం అడ్డొస్తే ఆ గ్రూపును దాటించి తర్వాతి దాంట్లోకి నెడతారు. చూడ్డానికి ఎంత అమాయకంగా ఉంది! మోసమంతా ఆ దాటించడంలోనే ఉంది.

ఖతార్ డ్రా సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 1న దోహాలో తీశారు. తారీఖు మనం ఎంచింది కాదు, వాళ్లదే. ఫిఫా ర్యాంకుల్లో 51వ స్థానంలో ఉన్న ఖతార్, ఇంటాయన హోదాలో బ్రెజిల్, ఫ్రాన్స్‌ల సరసన మొదటి గిన్నెలో కూర్చుంది. ఎ గ్రూపు దానికే రాసిచ్చారు. తర్వాత ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడింది, అది వేరే కథ. ఖతార్ ఆసియా జట్టు. కాబట్టి ఎ గ్రూపులోకి మరో ఆసియా జట్టు రాకూడదు. మూడో గిన్నెలో ఎనిమిది జట్లున్నాయి. వాటిలో మూడు ఆసియావి: ఇరాన్, జపాన్, దక్షిణ కొరియా. ఈ మూడూ మిగిలిన ఏడు గ్రూపుల్లో పడాలి. న్యాయంగా అయితే ఒక్కో గ్రూపుకు ఆసియా జట్టు వచ్చే అవకాశం ఏడింట మూడు. అంటే దాదాపు 43 శాతం. ఒప్పుకుంటారుగా?

ఇప్పుడు వాళ్ల పద్ధతిలో బి గ్రూపు గతి చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి ఐరోపా నిబంధనను కాసేపు పక్కన పెడదాం. మొదటి బంతి ఆసియాది అయ్యే అవకాశం ఎనిమిదింట మూడు. ఎ గ్రూపు దానికి తలుపు మూసేసింది. కాబట్టి నేరుగా బి నెత్తిన పడుతుంది. మొదటి బంతి ఆసియాది కాకపోతే? అది ఎ లోకి వెళ్తుంది. రెండో బంతి బి కి వస్తుంది. అది ఆసియాది అయ్యే అవకాశం ఏడింట మూడు. రెండు దారులూ కలిపితే 56లో 36. అంటే 64 శాతం! ఉండాల్సింది 43, ఉన్నది 64. చివరి నాలుగు గ్రూపులకేమో 37.5 శాతమే. ఎ తలుపు మూసిన పాపానికి పక్కనున్న బి ఎందుకు మోయాలి? అక్షరమాలలో రెండోది కావడమే దాని నేరం. చివరికి ఇరాన్ వెళ్లి పడింది ఎక్కడో తెలుసా? బి లోనే. ఒక్క డ్రాతో ఏదీ రుజువు కాదు లెండి. రుజువు పై లెక్కలో ఉంది.

'ఏ పెద్ద జట్టు బి లోకి వెళ్తుందనేదీ లాటరీయే కదా, చివరికి అందరికీ సరిపోతుంది' అని సమర్థకులు గొంతు సవరించుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ ఐరోపా, దక్షిణ అమెరికా నిబంధనలు కూడా వచ్చి చేరాక ఆ సర్దుబాటు పూర్తిగా కుదరదు. ఏ జట్టుకు ఏ జట్టు తగులుతుందన్న అవకాశాల్లోనే తేడాలు మిగిలిపోతాయి. ఈ మాట నాది కాదు. గారెత్ రాబర్ట్స్, జెఫ్రీ రోసెంథాల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు లెక్కగట్టి చెప్పారు. అంతకుముందే 2014 డ్రా మీద జూలియన్ గయాన్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు మొత్తుకున్నాడు. తేడా చిన్నదే కావచ్చు. చిన్నదైతే సరిచేయడానికి చేతులెందుకు రావు?

మందు లేని రోగమా ఇది? కానే కాదు. నిబంధనల గొడవ లేకుండా అన్ని బంతులూ తీసెయ్యి. ఎక్కడైనా నిబంధన తప్పిందా, మొత్తం చెరిపేసి మొదటి నుంచి తియ్యి. తప్పని డ్రా దొరికేదాకా తియ్యి. అప్పుడు చెల్లుబాటయ్యే ప్రతి కూర్పుకూ సమానావకాశం ఉంటుంది. చేత్తో చేస్తే తెల్లారిపోతుంది, నిజమే. కంప్యూటరుకు రెప్పపాటు పని. బంతుల వినోదం చెడకుండానే ఇదే ఫలితం రాబట్టే పద్ధతులు కూడా రాబర్ట్స్, రోసెంథాల్ సూచించారు.

'అబ్బే, కంప్యూటర్ అంటే జనం నమ్మరండీ!' ఇదీ పెద్దల వాదన. భలే! ఇప్పుడు మాత్రం ఏం జరుగుతోంది? గుడ్డిగా దాటించుకుంటూ పోతే చివర్లో ఒక జట్టుకు ఏ గ్రూపులోనూ చోటు లేని చిక్కు వస్తుంది. అది రాకుండా ముందుచూపుతో 'ఈ జట్టు ఫలానా గ్రూపుకు' అని తెరవెనుక చెబుతున్నది కంప్యూటరే కదా! మాజీ ఆటగాడి చెయ్యి బంతి తీస్తుంది. పీట ఎక్కడ వేయాలో కంప్యూటర్ చెబుతుంది. 2024లో యూరప్ సంఘం యుయెఫా చాంపియన్స్ లీగ్ ప్రత్యర్థులను బాహాటంగానే కంప్యూటరుతో ఎంపిక చేయించింది. రొనాల్డో వచ్చి మీట నొక్కాడు. జనం నమ్మారు. ఆకాశం ఊడిపడలేదు. అడ్డం నమ్మకం కాదు బాబూ, షో! రెప్పపాటులో డ్రా అయిపోతే పాటలెప్పుడు పాడాలి, ప్రసంగాలెప్పుడు దంచాలి?

పరాయి ఆట మనకెందుకంటారా? అయితే మన ఆటకే వద్దాం. అక్కడ పొరుగువాళ్లను విడదీయడానికి ఇన్ని తంటాలు. మన క్రికెట్లోనో? పొరుగువాళ్లను కట్టగట్టి ఒకే గ్రూపులో పడేయడమే నిబంధన! 2013 చాంపియన్స్ ట్రోఫీ నుంచి, గ్రూపులున్న ప్రతి పురుషుల ఐసీసీ టోర్నీలోనూ భారత్, పాకిస్థాన్‌లది ఒకే గ్రూపు. 2014, 2015, 2016, 2017, 2021, 2022, 2024, 2025. ఇన్నిసార్లు కాకతాళీయమా? చెవిలో పువ్వులు పెట్టుకున్నామా? ఐసీసీ సీఈఓగా ఉండగా డేవ్ రిచర్డ్‌సన్ 2016లోనే ఈ ఏర్పాటును దాచకుండా ఒప్పుకున్నారు. ప్రసార హక్కుల ధర ఆ ఒక్క మ్యాచ్ మీద ఎంత ఆధారపడుతుందో తెలిసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. సరిహద్దు వేడెక్కితే ద్వైపాక్షిక సిరీస్‌లు వద్దంటారు. కరచాలనాలు కూడా వద్దంటారు. గ్రూపులు వేసే వేళకు మాత్రం ఎక్కడలేని ఇరుగుపొరుగు ప్రేమ పుట్టుకొస్తుంది.

2026 టీ20 ప్రపంచకప్‌లో గ్రూప్ ఎ: భారత్, పాకిస్థాన్, అమెరికా, నెదర్లాండ్స్, నమీబియా. ఫిఫా వాళ్లు కనీసం బంతులు తీసినట్టు నటించారు. వీళ్లకు ఆ మాత్రం మొహమాటం కూడా లేదు.